కాటా ఎక్కించకుండా రోల్ బరువు చెప్పే పట్టీ: ప్రాజెక్టు డైరీ

సగం వాడిన పేపర్ రోల్ మీద ఇంకా ఎన్ని కిలోలు మిగిలాయో, దాన్ని కాటా దాకా దొర్లించకుండా తెలియాలి. దానికోసం రోల్ పక్క ముఖానికి ఆనించి చూస్తే నేరుగా కిలోలు చదవగలిగే ఒక పట్టీ చేశాను. ఇలాంటిదే చేసుకోవాలనుకునేవాళ్లకు కొలతలు, ఎక్కడెక్కడ తేడా వచ్చింది, ఏం మార్చాల్సి వచ్చింది అన్నీ ఇక్కడ రాసి పెడుతున్నాను. చివర్లో ఇదే లెక్కను బట్ట మీద, రాగి తీగ మీద పెట్టి చూసిన సంగతి కూడా ఉంది.

పరీక్షకు వాడిన రోల్: 80 జీఎస్ఎం, అంటే చదరపు మీటరుకు 80 గ్రాములు తూగే మామూలు తెల్ల కాగితం, వెడల్పు 700 మి.మీ., నిండుగా ఉన్నప్పుడు బయటి వ్యాసం 1000 మి.మీ. అట్ట కోర్ లోపలి వ్యాసం 76 మి.మీ., గోడ మందం 12 మి.మీ. అంటే కోర్ బయటి వ్యాసం 100 మి.మీ.

వాడిన సామాను: స్టీలు టేపు, స్టీలు స్కేలు, మైక్రోమీటర్, ఒక అల్యూమినియం పట్టీ, సన్న మొన ఉన్న మార్కర్, సరిచూసుకోవడానికి ప్లాట్‌ఫాం కాటా.

దశ 1: కాగితం మీద లెక్క

లెక్కకు రోల్ అంటే మందపాటి గొట్టమే. బయటి వృత్తం వైశాల్యంలోంచి కోర్ వైశాల్యం తీసేసి, వెడల్పుతో, సాంద్రతతో గుణిస్తే బరువు వస్తుంది.

```
W = 0.7854 * (D*D - d*d) * w * rho
```

D రోల్ బయటి వ్యాసం, d కోర్ వ్యాసం, w వెడల్పు, ఈ మూడూ మీటర్లలో ఉండాలి. సాంద్రత rho ఘనపు మీటరుకు కిలోల్లో ఉండాలి. మి.మీ. అలాగే వేస్తే సున్నాల దగ్గర గందరగోళం తప్పదు, అందుకే మొదటే మీటర్లలోకి మార్చుకోవడం మేలు.

సాంద్రత కోసం పెద్ద పట్టికలు వెతకక్కర్లేదు. జీఎస్ఎంను మైక్రాన్లలో ఉన్న మందంతో భాగిస్తే ఘనపు సెంటీమీటరుకు గ్రాములు వచ్చేస్తాయి. ఈ కాగితం ఒక్క షీటు మందం మైక్రోమీటర్‌లో 100 మైక్రాన్లు చూపించింది. 80ని 100తో భాగిస్తే 0.80, అంటే ఘనపు మీటరుకు 800 కిలోలు.

తర్వాత కోర్. రోల్ లేబుల్ మీద "కోర్ 76" అని ఉంటుంది, చాలామంది d అంటే అదే అనుకుని వేసేస్తారు. అది కోర్ లోపలి వ్యాసం, షాఫ్ట్ పట్టే రంధ్రం. కాగితం మొదలయ్యేది కోర్ బయటి గోడ మీద, అంటే 100 మి.మీ. దగ్గర. తేడా ఎంతో తెలియడానికి రెండూ వేసి చూశాను.

1. నిండు రోల్, D = 1000: 76 వేస్తే 437.3 కిలోలు, 100 వేస్తే 435.4 కిలోలు.
2. అడుగుకు వచ్చిన రోల్, D = 200: 76 వేస్తే 15.05 కిలోలు, 100 వేస్తే 13.19 కిలోలు.

రెండు చోట్లా తేడా ఒక్కటే: 1.86 కిలోలు. కోర్ తప్పు వేస్తే వచ్చే తేడా రోల్ సైజును బట్టి మారదు, అన్ని రోల్స్‌కూ అవే కిలోలు. నిండు రోల్‌లో అది అర శాతం కూడా కాదు కాబట్టి ఎవరికీ కనిపించదు. అడుగు రోల్ దగ్గరికి వచ్చేసరికి అదే 14 శాతం అవుతుంది. మనకు పట్టీ అవసరం పడేదేమో సరిగ్గా ఆ అడుగు రోల్స్ దగ్గరే.

ఇప్పటి లెక్క: నిండు రోల్ 435.4, అడుగు రోల్ 13.2. రెండూ కాటాతో ఇంకా సరిచూడలేదు.

దశ 2: కాటా వేరే మాట చెప్పింది

నిండు రోల్‌ను ప్యాకింగ్‌తో సహా తూచితే 455.5 కిలోలు వచ్చింది. అందులో కాగితం కానిది తీసేయాలి.

1. ఖాళీ కోర్‌ను విడిగా తూచాను: 1.7 కిలోలు.
2. పైన చుట్టిన కవరు, రెండు పక్కల అట్ట బిళ్లలు కలిపి: 1.8 కిలోలు.
3. మిగిలిన కాగితం: 452.0 కిలోలు.

లెక్క 435.4, కాటా 452. దాదాపు 16.6 కిలోలు తక్కువ చెప్పింది లెక్క, అంటే 3.7 శాతం. వ్యాసం మళ్లీ కొలిచాను, మారలేదు. వెడల్పూ సరిగ్గానే ఉంది. మిగిలింది సాంద్రత.

ఒక్క షీటును మైక్రోమీటర్ దవడల మధ్య పెడితే కాగితం ఉపరితలం మీది ఎత్తుపల్లాలు కూడా మందంలో కలిసిపోతాయి. రోల్‌లో అలా ఉండదు. ఒక పొర గుట్టలు పక్క పొర గుంతల్లో కొంత సర్దుకుంటాయి, పైగా చుట్టేటప్పటి టెన్షన్ పొరల్ని నొక్కి ఉంచుతుంది. కాబట్టి 100 మైక్రాన్ల కాగితం రోల్‌లో 100 మైక్రాన్ల చోటు తీసుకోదు, కాస్త తక్కువే తీసుకుంటుంది. వదులుగా చుట్టిన రోల్ అయితే దీనికి వ్యతిరేకం: పొరల మధ్య గాలి చేరి సాంద్రత షీటు లెక్క కంటే కిందికి పోతుంది.

అందుకే సాంద్రతను షీటు నుంచి కాకుండా రోల్ నుంచే తీయాలి. అంటే లెక్కను తిరగేయడమే: తూచిన బరువును ఘనపరిమాణంతో భాగించాలి. నిండు రోల్‌లో కాగితం ఆక్రమించిన చోటు 0.5443 ఘనపు మీటర్లు. 452ను దానితో భాగిస్తే 830.

ఒక్క కొలతతో ఆగలేదు. అదే రోల్‌ను వాడుతూ మధ్యలో ఆపి, వ్యాసం కొలిచి, తూచి, కోర్ బరువు తీసేస్తూ వచ్చాను.

1. D = 1000: 452.0 కిలోలు, సగటు సాంద్రత 830.
2. D = 700: 221.1 కిలోలు, సగటు సాంద్రత 838.
3. D = 400: 69.8 కిలోలు, సగటు సాంద్రత 846.
4. D = 200: 14.0 కిలోలు, సగటు సాంద్రత 849.

కోర్ వైపు వెళ్లేకొద్దీ కాగితం గట్టిపడుతోంది. చుట్టే యంత్రం మొదట్లో టెన్షన్ ఎక్కువ పెట్టి, రోల్ పెరిగేకొద్దీ తగ్గిస్తే ఇలాగే వస్తుంది. లోపలి పొరలు వదులుగా ఉంటే రోల్ పక్కకు జారి దూరదర్శినిలా బయటికి పొడుచుకొస్తుంది కనుక అలా చుట్టడం మామూలే.

ఈ కొలతల్లో నాకు బాగా ఉపయోగపడింది తీసివేత. 1000 నుంచి 700కు దిగినప్పుడు 230.9 కిలోలు వాడుకైంది, ఆ పొర ఘనపరిమాణం 0.2804. భాగిస్తే 823. ఇందులో కోర్ వ్యాసం ఎక్కడా రాదు, కోర్ బరువు కూడా రాదు, ఎందుకంటే రెండు తూకాల్లోనూ ఉన్నది అదే కోర్. కోర్ కొలత మీద అనుమానం ఉన్నప్పుడు సాంద్రత తేల్చడానికి ఇంతకంటే శుభ్రమైన దారి లేదు.

పట్టీ మీద ఒకే సాంద్రత పెట్టాలి కాబట్టి 835 ఎంచుకున్నాను.

ఇప్పటి లెక్క, 835తో:

- D = 1000: లెక్క 454.5, కాటా 452.0. తేడా +0.6 శాతం.
- D = 700: లెక్క 220.4, కాటా 221.1. తేడా −0.3 శాతం.
- D = 200: లెక్క 13.8, కాటా 14.0. తేడా −1.6 శాతం.

అడుగు రోల్ దగ్గర 1.6 శాతం అంటే పావు కిలో కూడా కాదు. దాన్ని వెంటాడలేదు.

దశ 3: వ్యాసం ఎక్కడ కొలవాలి

నేల మీద కొన్నాళ్లు పడి ఉన్న రోల్ గుండ్రంగా ఉండదు, కింద బరువు పడి చదునవుతుంది. అలాంటి ఒక రోల్ నిలువుగా 980, అడ్డంగా 1020 వచ్చింది. నిలువు కొలత ఒక్కటే తీసుకుంటే బరువు 4 శాతం తక్కువ వస్తుంది, అడ్డం కొలత తీసుకుంటే 4 శాతం ఎక్కువ. వ్యాసం లెక్కలో వర్గం అవుతుంది కాబట్టి 2 శాతం కొలత తప్పు 4 శాతం బరువు తప్పుగా మారుతుంది.

చుట్టూ టేపు వేసి చుట్టుకొలతను 3.1416తో భాగిస్తే ఈ గొడవ దాదాపు పోతుంది. ఇంత అణిగిన రోల్‌లో కూడా టేపు 1000.1 మి.మీ. వ్యాసం చెబుతుంది, అసలు వైశాల్యానికి సరిపోయే వ్యాసం 999.8. తేడా లేనట్టే. టేపు అడుగున కవరు ముడతలు, అతుకులు లేకుండా చూసుకోవాలి, అంతే. పట్టీతో కొలిచేటప్పుడు మాత్రం చుట్టూ తిరగలేం, అందుకని నిలువుగా పైనా కిందా, అడ్డంగా ఇటూ అటూ నాలుగు చోట్ల చదివి సగటు తీయాలి. ఎదురెదురు చోట్ల సగటు తీస్తే కోర్ మధ్యలో లేకపోయినా లెక్క చెడదు.

దశ 4: పట్టీ గీయడం

పట్టీ కొలిచేది వ్యాసాన్ని కాదు, కోర్ బయటి గోడ నుంచి రోల్ అంచు దాకా ఉన్న కాగితం మందాన్ని. దాన్ని r అనుకుంటే సూత్రం ఇంకా చిన్నదవుతుంది:

```
K = 3.1416 * w * rho
W = K * r * (r + d)
r = (sqrt(d*d + 4*W/K) - d) / 2
```

వెడల్పు 0.7, సాంద్రత 835 అయితే K = 1836. మూడో వరుసతో, ఫలానా కిలోల గీత సున్నా నుంచి ఎంత దూరంలో పడాలో తెలుస్తుంది. నాకు వచ్చినవి:

1. 50 కిలోలు: 122.4 మి.మీ.
2. 100 కిలోలు: 188.7 మి.మీ.
3. 200 కిలోలు: 283.8 మి.మీ.
4. 300 కిలోలు: 357.3 మి.మీ.
5. 400 కిలోలు: 419.4 మి.మీ.
6. 450 కిలోలు: 447.6 మి.మీ.

గీతలు బయటికి వెళ్లేకొద్దీ దగ్గర పడతాయి. 50 నుంచి 100కు 66 మి.మీ. చోటు ఉంటే, 400 నుంచి 450కి 28 మి.మీ. మాత్రమే. కోర్ దగ్గర ఒక మిల్లీమీటరు పొరపాటు అర కిలోలోపే. నిండు రోల్ అంచు దగ్గర అదే మిల్లీమీటరు 1.8 కిలోలు. పట్టీని ఎంత జాగ్రత్తగా గీసినా పెద్ద రోల్ మీద రెండు మూడు కిలోల అటూ ఇటూ ఉంటుందన్నది ఇక్కడే తేలిపోయింది.

మొదటి పట్టీని కంప్యూటర్‌లో గీసి, ప్రింట్ తీసి, అల్యూమినియం మీద అంటించాను. నిండు రోల్‌కు ఆనిస్తే 450 గీత దాటి 480కి పైన చూపించింది. స్టీలు స్కేలు పక్కన పెట్టి చూస్తే అసలు సంగతి తెలిసింది: ప్రింటర్ పేజీకి సరిపడేలా బొమ్మను కుదించింది, 100 మి.మీ. ఉండాల్సిన గీత 96 మి.మీ. వచ్చింది. 4 శాతం కుదింపు బరువులో 7 శాతానికి పైగా తేడా తెచ్చింది. ప్రింట్ తీసేవాళ్లు పక్కన ఒక 100 మి.మీ. గీత కూడా పెట్టి, అంటించే ముందు దాన్ని కొలవాలి. కాగితం తేమకు సాగుతుంది కూడా. నేనైతే ఆ కాగితం పీకేసి, స్టీలు స్కేలు పక్కన పెట్టుకుని అల్యూమినియం మీదే మార్కర్‌తో గీసేశాను.

దశ 5: సున్నా ఎక్కడ

రెండో చిక్కు సున్నా దగ్గర. పట్టీ కొసను కోర్ బయటి గోడకు ఆనించాలి. కానీ కోర్ అంచు కాగితం అంచుతో సమంగా ఉంటుంది, ఆనించడానికి ఏమీ దొరకదు. కంటితో చూసి పెడితే కోర్ అట్ట ఎక్కడ ముగిసి కాగితం ఎక్కడ మొదలవుతుందో, ముఖ్యంగా నలిగిన కోర్ మీద, రెండు మూడు మిల్లీమీటర్లు అటూ ఇటూ అవుతోంది.

మార్పు ఇలా చేశాను:

1. పట్టీ కొసను వంచి చిన్న కొక్కెం చేశాను. అది కోర్ రంధ్రంలోకి వెళ్లి లోపలి గోడకు తగులుతుంది.
2. కొక్కెం తగిలే చోటు నుంచి 12 మి.మీ. వదిలి సున్నా గీత పెట్టాను. ఆ 12 కోర్ గోడ మందం.
3. గీతలన్నీ ఆ సున్నా నుంచి మళ్లీ కొలిచి గీశాను.
4. పట్టీ వెనక "వెడల్పు 700, సాంద్రత 835, కోర్ 76/100" అని రాశాను. ఇది రాయకపోతే కొన్నాళ్లకు ఎవరో ఒకరు దీన్ని వేరే కాగితం మీద పెట్టేస్తారు.

కోర్ గోడ 12 కాకుండా 15 మి.మీ. ఉన్న రోల్ వస్తే? కొక్కెం లోపలి గోడను పట్టుకుంటుంది కాబట్టి బయటి అంచు సరిగ్గానే చదువుతుంది. కోర్ ఎక్కువ తిన్న చోటు మాత్రం లెక్కలోకి రాదు, పట్టీ 0.57 కిలో ఎక్కువ చూపిస్తుంది. ఏ సైజు రోల్ అయినా అంతే. తీసేసుకుంటే సరిపోతుంది, కొత్త పట్టీ అక్కర్లేదు. కోర్ లోపలి వ్యాసమే వేరైతే మాత్రం (152 మి.మీ. రకం కూడా మామూలే) వేరే పట్టీ గీయాల్సిందే.

దశ 6: తేడా వస్తే ఎక్కడ వెతకాలి

కొన్ని రోల్స్ మీద పట్టీ చదివింది, కాటా చెప్పింది పక్కపక్కన రాసుకుంటూ పోతే, తేడా తీరును బట్టే కారణం తెలుస్తుంది.

పెద్ద రోల్‌లోనూ చిన్న రోల్‌లోనూ శాతం ఒకటేగా ఉంటే సాంద్రత లేదా వెడల్పు తప్పు. శాతం మారుతూ కిలోలు మాత్రం ఒకటేగా ఉంటే కోర్ వ్యాసం తప్పు, లేదా తూకంలో కోర్ బరువు తీయడం మర్చిపోయారు. ఏ వరసా లేకుండా ఒక రోల్‌లో ఎక్కువ, ఒక రోల్‌లో తక్కువ వస్తుంటే వ్యాసం ఒక్క చోటే కొలుస్తున్నారు, రోల్స్ గుండ్రంగా లేవు. లేబుల్ మీది బరువుతో పోల్చేవాళ్లు అది కోర్‌తో సహానా, కాదా అన్నది ముందు చూసుకోవాలి.

తేమ సంగతి వేరు. కాగితం గాలిలోని తేమ పీల్చుకుంటుంది, ప్యాకింగ్ విప్పి ఉంచిన రోల్ అంచులు ముందు పీలుస్తాయి. దాని బరువు నిజంగానే పెరుగుతుంది, పట్టీ దాన్ని పూర్తిగా పట్టుకోలేదు. ఒకటి రెండు శాతం తేడాకు పట్టీని తప్పుబట్టే ముందు రోల్ ఎక్కడ, ఎన్నాళ్లు ఉందో అడగాలి.

ఇప్పటి లెక్క: ఇదే కాగితం, ఇదే మిల్లు చుట్టిన రోల్స్ మీద పట్టీ, కాటా తేడా 2 శాతం లోపు.

దశ 7: బట్ట

అల్లిక బట్ట, 180 జీఎస్ఎం, మందం 0.6 మి.మీ. భాగిస్తే సాంద్రత 300. రోల్ వ్యాసం 300, గొట్టం బయటి వ్యాసం 50, వెడల్పు 1500 మి.మీ. లెక్క 30.9 కిలోలు అంది, కాటా 37.6 అంది. రోల్ నుంచి తీసిన సాంద్రత 365. కాగితంలో 4 శాతం ఉన్న సాంద్రత తేడా ఇక్కడ 20 దాటింది, ఎందుకంటే బట్ట చుట్టినప్పుడు అణిగేది ఎక్కువ.

సాంద్రత సరిచేసినా ఇంకో బాధ ఉంది. టేపు గట్టిగా లాగితే బట్టే అణిగిపోతుంది. వ్యాసం 300 బదులు 295 వచ్చిందంటే బరువు 3.4 శాతం పడిపోయినట్టే. టేపు జారకుండా నిలిచేంత బిగువు చాలు, అంతకు మించి లాగకూడదు. ఒకే మనిషి కొలిస్తే ఇంకా మంచిది. బట్టకు పట్టీ గీయడం దండగ అనిపించింది, రోల్ రోల్‌కూ బిగువు మారుతుంటే గీతలకు అర్థం ఉండదు. ఒకే యంత్రం మీద, ఒకే టెన్షన్‌తో చుట్టినవైతే ఆ బ్యాచ్‌లో ఒకటి తూచి సాంద్రత తీసుకుని మిగతావి లెక్కగట్టొచ్చు.

దశ 8: ఇనామిల్ రాగి తీగ

తీగతో చిక్కు వేరే రకం. గుండ్రని తీగలు ఎంత బిగించినా మధ్యలో ఖాళీలు మిగులుతాయి. బాబిన్ మీద తీగ వ్యాసం 200, లోపలి గొట్టం 100, చుట్టిన వెడల్పు 150 మి.మీ. చోటు 0.003534 ఘనపు మీటర్లు. రాగి సాంద్రత 8960 నేరుగా వేస్తే 31.7 కిలోలు, అది రాగి దిమ్మ బరువు.

తీగ మీద తీగ సరిగ్గా పేరిస్తే చోటులో 78.5 శాతం నిండుతుంది, కింది రెండు తీగల మధ్య గాడిలో పైతీగ కూర్చుంటే 90.7 శాతం. ఇంతకు మించి నింపడం గుండ్రని తీగతో కుదరదు. ఈ తీగలో రాగి వ్యాసం 1.00, ఇనామిల్‌తో కలిపి 1.07 మి.మీ. కాబట్టి తీగ అడ్డుకోతలో రాగి వాటా 87 శాతమే. రెండూ కలిపితే రాగి 21.7, 25.1 కిలోల మధ్య ఎక్కడో ఉండాలి. ఇనామిల్ బరువు ఇందులో కలపలేదు, అది సుమారు అర కిలో.

ఖాళీ బాబిన్ బరువు తీసి తూచితే 22.9 కిలోలు. చోటుతో భాగిస్తే 6480. ఈ సైజు తీగకు, ఈ చుట్టుకు ఇదే వాడుతున్నాను. తూకం లేకుండా అంచనా వేయాల్సి వస్తే మాత్రం ఆ రెండు హద్దులూ లెక్కగట్టి మధ్యలో పెట్టుకోవడమే. కాటా ఎప్పుడైనా పై హద్దు దాటి చూపిస్తే, బాబిన్ బరువు తీయలేదేమోనని మొదట చూడండి.